రాత్రి వెలుతురును బట్టి మధురవాడ జనాభా చెప్పొచ్చా?

ప్రశ్న: "విశాఖ శివారులోని మధురవాడ, కొమ్మాది వైపు ఇప్పుడు ఎంతమంది ఉంటున్నారో ఒక అంచనా కావాలి. చేతిలో 2011 జనాభా లెక్కలు తప్ప ఏమీ లేవు. శాటిలైట్‌లో రాత్రిపూట కనిపించే లైట్లు, వరల్డ్‌పాప్ లాంటి డేటా వాడితే సరిపోతుందా? ఎంతవరకు నమ్మొచ్చు?"

ఆ రెండే అయితే సరిపోవు. అంకె వస్తుంది, కానీ అది ఇప్పటి మధురవాడ అంకె కాదు. లైట్ల డేటా కరెంటు ఎక్కడ వెలుగుతోందో చెబుతుంది. వరల్డ్‌పాప్ 2011 లెక్కనే పెంచి, చిన్న చిన్న గడుల్లోకి పంచి మీకు తిరిగిస్తుంది. మీ పనికి నేను నమ్మే దారి ఇది: ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఇళ్ల విస్తీర్ణం, ఎత్తు తీసుకోండి. కొన్ని బ్లాకుల్లో ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టండి. అక్కడ దొరికిన నిష్పత్తిని మిగతా ప్రాంతానికి వర్తింపజేయండి. లైట్లు అందులో సాయానికి వస్తాయి, అది ఎక్కడో తర్వాత చెబుతాను.

ముందు లైట్లు ఎందుకు చాలవో చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడేది విర్స్ అనే సెన్సార్ డేటా. 2011లో పంపిన సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం మీద, తర్వాత నోవా-20, నోవా-21 మీద ఈ సెన్సార్ ఉంది. మన నెత్తిమీదుగా అది వెళ్లేది రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. ఆ వేళకి ఇళ్లల్లో అందరూ లైట్లార్పేసి పడుకుని ఉంటారు. వెలిగేవి వీధిదీపాలు, హైవే లైట్లు, పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర లైటు, రాత్రి షిఫ్టు నడిచే ఫ్యాక్టరీలు. అంటే మనిషికీ వెలుతురుకీ మధ్య సంబంధం ఉంది గానీ, అది మున్సిపాలిటీ వీధిదీపాల మీదుగా, వ్యాపారాల మీదుగా వచ్చే చుట్టరికం.

విశాఖ రాత్రి బొమ్మ ఒకసారి తెరిచి చూడండి. కళ్లు జిగేల్‌మనిపించేవి ఉక్కు కర్మాగారం, పోర్టు, రిఫైనరీ, పరవాడ వైపు పరిశ్రమలు. వాటి పక్కన మనుషులు కిక్కిరిసి ఉండే కొండవాలు కాలనీలు మామూలుగా కనిపిస్తాయి. ఇంకా విచిత్రం, సముద్రంలో కూడా వెలుతురు మచ్చలుంటాయి. పోర్టులో చోటు కోసం బయట లంగరు వేసి ఎదురుచూసే ఓడలవి. వెలుతురును జనాభాగా మార్చే సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడితే ఆ నీళ్ల మీద కూడా జనం పుట్టుకొస్తారు. అందుకే ఎవరైనా లైట్లతో తీసిన జనాభా మ్యాపు ఇస్తే నేను ముందు చూసేది ఉక్కునగరం పక్కనున్న ప్లాంటు గడుల్లో ఎంతమందిని వేశారు, తీరం అవతల ఎంతమందిని వేశారు అనే. అక్కడ జనం ఉంటే మిగతాది చదవక్కర్లేదు.

రెండో చిక్కు గడి పరిమాణం. నెలవారీ, ఏడాది సగటు చిత్రాల్లో ఒక గడి దాదాపు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. మధురవాడ చుట్టూ పది చదరపు కిలోమీటర్లు గీసుకుంటే మీ చేతికి వచ్చేవి నలభై, యాభై గడులు. అందులో హైవే వెంట ఉన్నవన్నీ హైవే వెలుతురుతో నిండిపోతాయి. దేశాల మధ్యో జిల్లాల మధ్యో పోల్చేటప్పుడు వెలుతురు, జనాభా కలిసి పెరగడం బాగానే కనిపిస్తుంది. గడి స్థాయికి దిగేసరికి ఆ పొందిక చెదిరిపోతుంది.

మూడోది, వెలుతురు మారినంత మాత్రాన జనం మారినట్టు కాదు. హుద్‌హుద్ దీనికి మనకళ్ల ముందు జరిగిన ఉదాహరణ. 2014 అక్టోబరు 12న తుఫాను తీరం దాటింది, ఊరంతా చీకటైంది. జనం ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత నగరంలో పాత సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టారు. విర్స్ సెన్సార్ చూసేది 0.5 నుంచి 0.9 మైక్రాన్ల మధ్య కాంతిని. సోడియం దీపం పసుపు కాంతి ఆ పరిధిలో నిండుగా ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీ కాంతిలో నీలిభాగం 0.45 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అది సెన్సార్‌కు కనపడదు. కాబట్టి వీధి మన కంటికి ముందుకంటే తెల్లగా, ప్రకాశంగా ఉన్నా ఉపగ్రహం లెక్కలో వెలుతురు తగ్గొచ్చు. 2014కి ముందూ తర్వాతా విశాఖ వెలుతురు పోల్చి "జనాభా పెరుగుదల రేటు" తీసేవాళ్లు ఈ మార్పును పట్టించుకోకపోతే ఆ రేటుకు అర్థమే లేదు. 2013 దాకా ఉన్న పాత డీఎంఎస్‌పీ ఉపగ్రహాల డేటాను దీనికి అతికించడం ఇంకా ప్రమాదం. అందులో వెలుతురు విలువ 63 దగ్గర ఆగిపోతుంది, నగరం నడిబొడ్డంతా ఒకే తెల్లని ముద్దగా ఉంటుంది.

ఇక వరల్డ్‌పాప్ సంగతి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసే డేటా ఇది, గడి దాదాపు వంద మీటర్లు. అంత చిన్న గడి చూడగానే అంత సూక్ష్మంగా ఎవరో లెక్కపెట్టారని అనిపిస్తుంది. జరిగేది వేరు. ఒక పాలనా విభాగానికి జనగణన చెప్పిన మొత్తం జనాభాను తీసుకుంటారు. రోడ్లు, వాలు, భూవినియోగం, కట్టడాలు, రాత్రి వెలుతురు వంటివాటిని బట్టి ఒక్కో గడికి ఒక్కో బరువు ఇస్తారు. మొత్తాన్ని ఆ బరువుల ప్రకారం పంచుతారు. ఆ విభాగంలోని గడులన్నీ కూడితే మళ్లీ అదే మొత్తం వస్తుంది. తర్వాతి సంవత్సరాలకు పెరుగుదల రేటు వేసి ముందుకు జరుపుతారు.

అంటే లోపలి పంపకం మోడల్‌ది, మొత్తం మాత్రం జనగణనది. మన దేశంలో ఆ జనగణన 2011ది. అప్పట్లో పొలాలుగా, జీడితోటలుగా ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. విశాఖ పాతనగరంలోని వన్‌టౌన్ వీధులు అప్పటికే నిండి ఉన్నాయి. రెండూ ఒకే విభాగంలో పడితే రెండింటికీ ఇంచుమించు ఒకే పెరుగుదల వస్తుంది. కావాలంటే మీరే పరీక్షించుకోవచ్చు. ఉపగ్రహ డేటా మీద లెక్కలు చేసే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో `area` పేరుతో ముందు మధురవాడ హద్దు గీసి, తర్వాత వన్‌టౌన్ హద్దు గీసి ఇది నడపండి:

```
var wp = ee.ImageCollection('WorldPop/GP/100m/pop')
  .filter(ee.Filter.eq('country', 'IND'));
var p11 = wp.filter(ee.Filter.eq('year', 2011)).first();
var p20 = wp.filter(ee.Filter.eq('year', 2020)).first();
print(p11.addBands(p20).reduceRegion({
  reducer: ee.Reducer.sum(), geometry: area,
  scale: 92.77, maxPixels: 1e9
}));
```

2020 మొత్తాన్ని 2011 మొత్తంతో భాగించండి. ఊరు ఎలా పెరిగిందో మీ కళ్లతో చూశారు కాబట్టి, రెండు చోట్లా నిష్పత్తులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆ డేటాను ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది. ఇంకో పరీక్ష కంబాలకొండ. అభయారణ్యం లోపల హద్దు గీసి కూడండి. కట్టడాలతో నిమిత్తం లేకుండా అన్ని గడులకూ పంచే రకం డేటా అయితే అడవిలో కూడా కాస్తోకూస్తో జనం తేలతారు, ఆ మేరకు పక్కనున్న మధురవాడకు తగ్గుతారు. కట్టడాలున్న గడులకే పరిమితం చేసిన రకం ఇంకోటి ఉంది, మీ పనికి అది నయం.

ఇంకొక మాట. వరల్డ్‌పాప్ బరువుల్లోనే రాత్రి వెలుతురు కలిసి ఉంది. కాబట్టి "వరల్డ్‌పాప్ అంకె లైట్లతో సరిపోయింది, అందుకే సరైనదే" అనే వాదన చెల్లదు. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు. ఐరోపా వాళ్ల జీహెచ్‌ఎస్‌ఎల్ జనాభా డేటా కట్టడాల ఘనపరిమాణాన్ని బట్టి పంచుతుంది, మెట్రో శివార్లకు అది కొంత మెరుగు. కానీ దాని అడుగునా అదే జనగణన. ల్యాండ్‌స్కాన్ అయితే అసలు వేరే ప్రశ్నకు జవాబు. ఇరవైనాలుగు గంటల్లో సగటున ఎంతమంది అక్కడ ఉంటారో అది చెబుతుంది. రుషికొండ ఐటీ కొండ మీద నివాసం లేకున్నా అందులో జనం ఉండడం తప్పు కాదు. వరల్డ్‌పాప్‌తో దాన్ని పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందని కంగారుపడకండి.

ఇప్పుడు పని చేసే పద్ధతి. జనగణన జరిగి ఎన్నో ఏళ్లయిన దేశాల్లో ఇది పుట్టింది. డీఆర్ కాంగోలో చివరి జనగణన 1984లో, నైజీరియాలో 2006లో. అక్కడ పైనుంచి పంచడానికి నమ్మదగిన మొత్తమే లేదు. అందుకని కింద నుంచి మొదలుపెట్టారు. కొన్ని చిన్న ముక్కలు ఎంచుకుని అక్కడ ప్రతి ఇల్లూ లెక్కపెట్టి, ఉపగ్రహం చూపే కట్టడాలతో దాన్ని ముడిపెట్టి, మిగతా దేశానికి విస్తరించారు. మధురవాడ లాంటి ఒక శివారుకు ఇదే పని చిన్న స్థాయిలో చేయొచ్చు.

ముందు కట్టడాలు. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో ఒక్కో కట్టడం హద్దు, చదరపు మీటర్లలో విస్తీర్ణం, గుర్తింపు మీద నమ్మకం విలువ దొరుకుతాయి (`GOOGLE/Research/open-buildings/v3/polygons`). 2016 నుంచి 2023 వరకు ఏడాదివారీగా ఎత్తు కూడా ఇచ్చే రాస్టర్, అంటే గడుల రూపంలోని డేటా, వేరే ఉంది (`GOOGLE/Research/open-buildings-temporal/v1`). ఈ రెండోది మనకు ప్రాణం, ఎందుకంటే మధురవాడ పెరిగింది పక్కకే కాదు, పైకి కూడా.

తర్వాత ప్రాంతాన్ని ఒకే తీరున్న ముక్కలుగా విడగొట్టండి. నేనైతే అపార్ట్‌మెంట్లు, జీ ప్లస్ వన్ తరహా సొంత ఇళ్లు, పాత ఊరి గ్రామకంఠం, ప్రభుత్వం కట్టించిన కాలనీలు అని నాలుగుగా చూస్తాను. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం లాంటి ప్రభుత్వ కాలనీలను అపార్ట్‌మెంట్లతో కలపకండి. పైనుంచి రెండూ అంతస్తుల భవనాలే, కానీ అక్కడ ఒక్కో మనిషికి వచ్చే చోటు చాలా తక్కువ. ఒక్కో రకంలో కొన్ని బ్లాకులు చీటీ తీసినట్టు ఎంచుకోండి. మీకు తెలిసినవాళ్లున్న బ్లాకులు, వెళ్లడానికి వీలైనవి ఎంచుకుంటే లెక్క అటే మొగ్గుతుంది. ఎంచుకున్న బ్లాకులో ప్రతి గుమ్మం తట్టాలి. తాళం వేసిన ఫ్లాట్‌ను సున్నాగా రాయాలి, వదిలేయకూడదు. విశాఖ శివార్లలో పెట్టుబడికి కొని, విదేశాల్లోనో హైదరాబాదులోనో ఉండేవాళ్ల ఫ్లాట్లు ఎన్నో. వాటిని సర్వేలోంచి తీసేస్తే ఖాళీ ఇళ్లన్నీ నిండిపోయినట్టు లెక్క వస్తుంది.

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి గుండ్రటి అంకెలు వేస్తున్నాను, ఇవి మధురవాడ అంకెలు కావు. ప్రభుత్వ కాలనీలు లేని ఒక ప్రాంతంలో అపార్ట్‌మెంట్ల పునాది విస్తీర్ణం మొత్తం 1,20,000 చదరపు మీటర్లు అనుకోండి. సగటున నాలుగున్నర అంతస్తులు. అంటే 5,40,000 చదరపు మీటర్ల నేల. సర్వే బ్లాకుల్లో మనిషికి 45 చదరపు మీటర్లు వచ్చింది. 12,000 మంది. సొంత ఇళ్లవి 2,00,000 చదరపు మీటర్లు, సగటు అంతస్తులు 1.8, మనిషికి 30 చదరపు మీటర్లు. ఇంకో 12,000. గ్రామకంఠంలో 60,000 చదరపు మీటర్లు, అంతస్తులు 1.2, మనిషికి 16. అక్కడ 4,500. మొత్తం 28,500.

ఇందులో స్టిల్ట్ సంగతి గమనించండి. మన అపార్ట్‌మెంట్ల కింద అంతా పార్కింగు, అక్కడ ఎవరూ ఉండరు. ఎత్తును అంతస్తులుగా మార్చేటప్పుడు ఆ స్టిల్ట్ కూడా కలిసి నాలుగున్నర బదులు అయిదున్నర వచ్చిందనుకోండి. మనిషికి 45 అనే అంకె అలాగే ఉంచితే అపార్ట్‌మెంట్లలో 14,700 దాకా తేలతారు, రెండున్నర వేలమందికి పైగా లేనివాళ్లు. దీనికి విరుగుడు ఎత్తులు సరిదిద్దుకుంటూ కూర్చోవడం కాదు. మనిషికి ఎంత చోటు అన్నది సర్వే బ్లాకుల్లో కూడా అదే ఉపగ్రహ విస్తీర్ణం, అదే ఉపగ్రహ ఎత్తు వాడి తీయాలి. అప్పుడు స్టిల్ట్ రెండు వైపులా కలుస్తుంది, మనిషికి చోటు 45 బదులు 55గా తేలుతుంది, జనాభా మళ్లీ 12,000కే వస్తుంది. టేపు పట్టుకుని కొలిచిన ఫ్లాట్ విస్తీర్ణంతోనో, బ్రోచర్‌లో రాసిన చదరపు అడుగులతోనో నిష్పత్తి తీసి, దాన్ని ఉపగ్రహ విస్తీర్ణానికి వేస్తేనే ఇబ్బంది. నా దగ్గరకు సరిచూడమని వచ్చే లెక్కల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

ఈ అంచనా ఎంత గట్టిదో తెలుసుకోవడానికి ఒక్కో సర్వే బ్లాకును పక్కన పెట్టి మిగతావాటితో మొత్తం మళ్లీ తీయండి. ఒక్క బ్లాకు తీసేస్తేనే మొత్తం 28 వేల నుంచి 24 వేలకు జారిందంటే ఆ రకంలో మీకు బ్లాకులు చాలలేదు. పక్కన పెట్టిన బ్లాకు జనాభాను మిగతావాటితో ఊహించి, అసలు లెక్కతో పోల్చడం కూడా ఇక్కడే చేయాలి. ఎక్కువ తేడా వచ్చేవి సాధారణంగా హాస్టళ్లు, పీజీలు ఉన్న వీధులు. ఎండాడ, రుషికొండ దారిలో ఒకే ఇంటి పైన ముప్పైమంది ఉండొచ్చు. వాటిని విడిగా జాబితా రాసుకుని నేరుగా లెక్కపెట్టడం మేలు, నిష్పత్తికి అవి లొంగవు.

లైట్లు ఇక్కడ పనికొస్తాయి. ఓపెన్ బిల్డింగ్స్‌కు ఇల్లు, గోదాము తేడా తెలియదు. పెద్ద రేకుల షెడ్డు ఉండి, చుట్టూ వెలుతురు ఎక్కువగా ఉంటే అది దాదాపుగా పరిశ్రమో గోదామో, దాన్ని నివాసాల్లోంచి తీసేయొచ్చు. రెండోది, లేఅవుట్లలో జనం చేరారా లేదా అన్నది. నెలవారీ వెలుతురును కొన్నేళ్లకు వరుసగా గీసి చూడండి. ఏదో ఒక నెలలో ఒక్కసారిగా ఎగిరి అక్కడే నిలిచిపోతే అక్కడ కొత్తగా స్తంభాలు నాటారని, లేదా రోడ్డు వేశారని అర్థం. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే కొత్త రోడ్డు వెంట అలాంటి గీతలే రావొచ్చు. రెండు మూడేళ్లపాటు నెమ్మదిగా ఎక్కుతూ పోతే జనం ఒక్కొక్కరే దిగుతున్నారని నేను తీసుకుంటాను, సర్వే బ్లాకుల్ని అక్కడ ఇంకొన్ని పెంచుతాను. కట్టడాల డేటా 2023తో ఆగిపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఏ గడులు మారాయో చెప్పేది కూడా ఈ వెలుతురే.

ఇందుకు వానాకాలం నెలలు వాడకండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు వల్ల ఒక్కో నెలలో చాలా తక్కువ రాత్రులే మిగులుతాయి. `NOAA/VIIRS/DNB/MONTHLY_V1/VCMSLCFG` సేకరణలో `avg_rad` పక్కనే `cf_cvg` అనే బ్యాండ్ ఉంది. ఆ నెలలో మబ్బులేని పరిశీలనలు ఎన్ని దొరికాయో అది చెబుతుంది. అది తక్కువగా ఉన్న నెలను నేను గ్రాఫులో పెట్టను. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు తీసుకుని, ఏటా అవే నెలలు పోల్చండి.

ఉపగ్రహంతో సంబంధం లేని ఒక సాక్ష్యం కూడా తెచ్చుకోండి. అన్నిటికంటే మంచిది గృహ విద్యుత్ కనెక్షన్ల సంఖ్య, అందులోనూ నెలనెలా కొంత యూనిట్లు కాలుతున్నవి. తాళం వేసిన ఫ్లాటుకు కూడా కనెక్షన్ ఉంటుంది, కానీ మీటరు తిరగదు. కనెక్షన్‌ను కుటుంబ పరిమాణంతో హెచ్చించేటప్పుడు 2011 నాటి సగటు, అంటే దాదాపు నలుగురు, వాడకండి. మీ సర్వేలో వచ్చిన సగటే వాడండి. శివారు ఫ్లాట్లలో అది తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఓటర్ల జాబితా మాత్రం మధురవాడ లాంటి చోటికి తక్కువ చూపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి అద్దెకుండేవాళ్లు చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటారు. పిల్లలు అందులో అసలే ఉండరు.

ఇదే పద్ధతిని పాడేరు వైపు ఏజెన్సీ గూడేలకు తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ లైట్లను పూర్తిగా పక్కన పెట్టండి. పది పదిహేను ఇళ్ల గూడెంలో ఒకటి రెండు దీపాలు సెన్సార్‌కు అందవు, మనుషులున్న చోటు చీకటిగానే కనిపిస్తుంది. చెట్ల కింద, గడ్డి కప్పున్న ఇళ్లను కట్టడాల డేటా కూడా వదిలేస్తుంది. చీకటి గడులకు సున్నా వేసిన మ్యాపుతో అంగన్‌వాడీనో బోరునో కేటాయిస్తే, అవి అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లే లెక్కలోంచి పోతారు. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం, అందుకే మీరు అడగకపోయినా రాశాను. అక్కడ ఆశా కార్యకర్తల దగ్గరుండే ఇంటింటి జాబితాలే ముందు అడగాలి.

మీరు నివేదిక రాసేటప్పుడు ఒకే అంకె ఇవ్వకండి. పై ఉదాహరణలో నేనైతే "ఫలానా నెలలో, రాత్రి అక్కడ నివసించేవారు, హాస్టళ్లతో కలిపి, సుమారు 25 వేల నుంచి 32 వేలు" అని రాస్తాను. ఆ రెండు చివరలూ బ్లాకులు తీసేసి చూసిన లెక్కలోంచి రావాలి. పక్కనే వరల్డ్‌పాప్ అంకెను, అది ఏ సంవత్సరానిదో చెప్పి వేయండి. చదివేవాళ్లకు తేడా కనపడాలి. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. దాని వార్డు స్థాయి అంకెలు వచ్చాక మీ మొత్తాన్ని మాత్రమే కాక, అపార్ట్‌మెంట్లు ఎక్కువున్న వార్డులు, పాత ఊళ్లున్న వార్డులు విడివిడిగా పోల్చుకోవాలి. అందుకోసం సర్వే బ్లాకుల హద్దుల ఫైళ్లు, లెక్కపెట్టిన తేదీలు ఇప్పుడే భద్రంగా దాచండి.